నడుమ అచ్చు ఎవరి మాట వింటుంది?

పీహెచ్‌డీలో చేరిన పిల్లలను సినాప్సిస్ కంటే ముందు నాకొక ఉత్తరం రాయమంటాను. సినాప్సిస్‌లో ఎవరైనా పెద్ద మాటల చాటున నిలబడిపోవచ్చు. ఉత్తరంలో అలా కుదరదు. ఎదుటి మనిషికి చెప్పినట్టు చెప్పాలి కాబట్టి, తనకు ఏం తెలుసో ఏం తెలియదో రాస్తున్నవాళ్లకే ముందు తెలిసిపోతుంది. భాషాశాస్త్రం పాఠాలు చెప్పిన ఇన్నేళ్లలో అలాంటి ఉత్తరాలు చాలా చదివాను. అందులో ఒకటి తెలుగు మాట్లాడే ప్రతివాళ్లూ వినదగ్గది. ఆ ఉత్తరం రాసిన అమ్మాయిది కరీంనగర్ జిల్లా. పేరు చెప్పను, ఆమె అడిగిన ప్రశ్న మాత్రం చెబుతాను.

ఉత్తరం ఇలా మొదలైంది.

“మేడమ్ గారికి నమస్కారాలు. నేను తెలుగులో స్వరసామ్యం మీద పనిచేయాలనుకుంటున్నాను. చదివాను, చదువుతాను, చదవను. ఈ మూడు మాటల్లో మొదటి అక్షరం ‘చ’ మారలేదు. రెండో అక్షరం మాత్రం ది, దు, ద అని మూడు రకాలుగా ఉంది. అడిగాను, అడుగుతాను, అడగను కూడా అంతే. పెరిగింది, పెరుగుతుంది, పెరగదు కూడా అంతే. చిన్నప్పటి నుంచి పలుకుతూనే ఉన్నాను. ఎవరూ నేర్పలేదు, ఎప్పుడూ తప్పలేదు. ఇదెందుకు ఇలా జరుగుతుందో రాయాలని ఉంది.”

స్వరసామ్యం అంటే ఒక మాటలోని అచ్చులు ఒకదానికొకటి పొంతన కుదుర్చుకోవడం. మామూలుగా చెప్పాలంటే అచ్చుల పొందిక. దీనికి పాఠ్యపుస్తకాలన్నిటిలోనూ కనిపించే ఉదాహరణ టర్కీ భాష. అక్కడ ఇంటిని ‘ఎవ్’ అంటారు, ఇళ్లు అనడానికి ‘ఎవ్లెర్’. గుర్రం ‘అత్’, గుర్రాలు ‘అత్లర్’. బహువచన ప్రత్యయం ఒక్కటే. కానీ ముందున్న మాటలో ఎలాంటి అచ్చు ఉందో చూసి లెర్ అయినా అవుతుంది, లర్ అయినా అవుతుంది. అంటే అక్కడ పెత్తనం మాటది. ప్రత్యయం దానికి ఒదిగి ఉంటుంది.

తెలుగులో ఇది రెండు వైపులా నడుస్తుంది. ‘చెట్టుకు’ అంటాం, ‘బడికి’ అంటాం. బడి అనే మాట చివర ఇ ఉంది కాబట్టి కు కాస్తా కి అయింది. ఇక్కడ టర్కీలాగే మాటది పైచేయి. చిన్నయ సూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో దీనికి సూత్రం ఉంది. ఇకారం తర్వాత వచ్చే కు, ను, వు ప్రత్యయాల ఉకారం ఇకారమవుతుందని అందులో చెప్పాడు. ఇక బహువచనానికి రండి. పులి అనే మాటకు లు చేర్చితే పులులు అవుతుంది, కత్తికి చేర్చితే కత్తులు, కవికి చేర్చితే కవులు. ఈసారి లొంగింది మాట. ప్రత్యయంలోని ఉ వెనక్కి తిరిగి పులి చివర ఉన్న ఇని తనలా మార్చుకుంది. క్రియల్లోనూ అంతే. చదువుకు ఇ చేరితే చివరి ఉ పోయి ఆ చోట ఇ కూర్చుంటుంది. అంతటితో ఆగకుండా నడుమ ఉన్న దు కూడా ది అవుతుంది. అలా చదివి అనే రూపం వస్తుంది.

మొదటి అక్షరం జోలికి మాత్రం ఎవరూ వెళ్లరు. పులులు అన్నప్పుడు పు ఎలా ఉందో, పిల్లులు అన్నప్పుడు పి అలాగే ఉంది. ఎందుకో తెలుసుకోవాలంటే తిరుగు, తరుగు అనే రెండు క్రియలు పక్కపక్కన పెట్టి చూడండి. తిరగదు అంటే ఒక అర్థం, తరగదు అంటే ఇంకొకటి. నడుమ అచ్చు రెండింటిలోనూ ఒకేలా అ అయింది, నష్టమేమీ లేదు. అదే మొదటి అచ్చు కూడా అ అయి ఉంటే ఫ్యాను తిరగదు అంటున్నామో, అప్పు తరగదు అంటున్నామో తేలేది కాదు. మాటను మాటగా నిలబెట్టేది మొదటి అక్షరం. నడుమ అక్షరానికి ఆ బరువు లేదు కాబట్టే పక్కవాళ్లను బట్టి రంగు మార్చుకోగలుగుతోంది.

ఇక్కడిదాకా ఆ అమ్మాయి చక్కగా రాసింది. కాకపోతే ఇదంతా తెలిసిన సంగతే. క్రియల రూపాల మీద భద్రిరాజు కృష్ణమూర్తిగారి ‘తెలుగు వెర్బల్ బేసెస్’ 1961లోనే అచ్చయింది. ఆ తర్వాత తెలుగు అచ్చుల పొందిక మీద దేశంలోనూ బయటా పలువురు రాశారు. తెలిసిన నియమాన్ని మళ్లీ చెప్పడానికి నాలుగేళ్లు అక్కర్లేదు. ఉత్తరం అంచున ఎర్రసిరాతో ఒక్క వాక్యం రాసి పంపాను. “నువ్వు చెప్పిన నియమం తప్పయితే, ఆ తప్పు మనకు ఏ మాటలో కనబడుతుంది?”

రెండో ఉత్తరం రావడానికి నెల పట్టింది. అందులో ఆమె తన బలమైన సాక్ష్యం అనుకున్నదాన్ని ముందు పెట్టింది.

“మేడమ్, మనిషి, మనుషులు అనే జంట చూడండి. లు చేరగానే షి ఒక్కటే షు కాలేదు. దాని ముందున్న ని కూడా ను అయింది. అంటే ప్రత్యయం లాగిన లాగు రెండక్షరాల దూరం వెళ్లింది. ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదనుకుంటున్నాను.”

చూడగానే అందంగానే ఉంటుంది. తరగతిలో నేనూ చాలాసార్లు బోర్డు మీద రాశాను. కానీ కోర్టులో నిలబడే సాక్ష్యం కాదిది. మనిషి అనే మాటకు మూలం సంస్కృతంలోని మనుష్య. అందులో నడుమ అచ్చు పుట్టుకతోనే ఉ. అలాంటప్పుడు మనుషులులోని ను, లు ప్రభావంతో వచ్చిందా, పాత ఉ అలాగే మిగిలిందా? ఈ ఒక్క మాట పట్టుకుని తేల్చలేం. పోనీ మరిది, మరుదులు అందామంటే మరిదికి మరది అనే పాత రూపం ఉంది. ఏ ఇకారం ఎప్పుడొచ్చిందో ముందు తేల్చాలి.

ఎదురు సాక్ష్యమేమో మన వాకిట్లోనే ఉంది. అతిథికి లు చేర్చితే అతిథులు అవుతుంది గాని అతుథులు కాదు. ప్రతినిధికి చేర్చితే ప్రతినిధులు, ప్రతినుధులు కాదు. చివరి ఇ బుద్ధిగా ఉ అయింది, నడుమ ఇ కదల్లేదు. సంస్కృతం నుంచి యథాతథంగా వచ్చిన మాటల్లో ఈ లాగు ఒక్క అక్షరంతో ఆగిపోతుంది. ఇంగ్లీషు, ఉర్దూ మాటల్లో అదీ లేదు. కుర్చీ, లారీ, కాపీ అన్నీ దీర్ఘంతో వచ్చి కుర్చీలు, లారీలు, కాపీలు అవుతాయి. దీర్ఘాన్ని ఈ నియమం తాకదు. కాబట్టి నామాల్లో నడుమ అచ్చు మారడానికి శుభ్రమైన ఉదాహరణలు దొరకడం కష్టం. దొరికినవాటికి ఏదో ఒక పాత చరిత్ర అడ్డొస్తుంది. ఈ మాటే ఆమెకు రాశాను. మంచి ఉదాహరణ ఒకటి చేజారినందుకు బాధపడి ఉంటుంది. థీసిస్‌ను బతికించింది మాత్రం అలా చేజారడమే. ఆమె నామాలను పక్కనపెట్టి క్రియల వైపు వెళ్లింది.

మూడో ఉత్తరం నాకు చాలా ఇష్టం. అందులో ఒక హాస్టల్ గది ఉంది.

“మేడమ్, మా గదిలో ముగ్గురం. ఒకామెది గుంటూరు, ఒకామెది అనంతపురం. రాత్రి ముగ్గురం ఇళ్లకు ఫోన్ చేసుకుంటాం. నిన్న ముగ్గురి నోటా ఒకే సంగతి విన్నాను. ఎవరో పెళ్లి ఎప్పుడని అడిగారట. నేను అమ్మతో ‘అడిగిండు’ అన్నాను. గుంటూరు అమ్మాయి ‘అడిగాడు’ అంది. అనంతపురం అమ్మాయి ‘అడిగినాడు’ అంది. అప్పుడు నాకొక అనుమానం వచ్చింది. నా మాటలోనూ అనంతపురం మాటలోనూ గి కనిపిస్తోంది, అందులో ఇ ఉంది. అడుగులోని డు డి కావడానికి ఆ ఇ కారణం అనొచ్చు. గుంటూరు మాటలో గి లేదు, గా ఉంది. గాలో ఉన్నది ఆ. మరి ఆ పక్కన ఉంటే నడుమ అచ్చు అడగడులాగా అ కావాలి కదా? అడగాడు అనాలి కదా? అడిగాడు అని ఎందుకంటున్నారు?”

ఎంత మామూలు మాట, ఎంత పదునైన ప్రశ్న! కోస్తాలోని అడిగాడు, చదివాడు, పెరిగాడు అన్నీ అడిగినాడు, చదివినాడు, పెరిగినాడు అనే పాత రూపాలు కుదించుకుపోయి వచ్చినవే. ఆ కుదింపులో ఇ కరిగిపోయింది. అది వెళ్లేముందు నడుమ అక్షరం మీద వేసిన ముద్ర మాత్రం ఉండిపోయింది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్ల గుమ్మం మీద పసుపు మిగిలినట్టు. అంటే గుంటూరు పిల్ల అడిగాడు అన్నప్పుడు పక్కనున్న అచ్చును చూసి నడుమ అచ్చును మార్చడం లేదు. భూతకాలమైతే నడుమ ఇ పెట్టాలని ఆమెకు తెలుసు. మొదట నోటి సౌకర్యంగా పుట్టిన అలవాటు వ్యాకరణంగా మారిపోయిందన్నమాట.

దీనికి రెండో వైపు కూడా ఆమే చూపించింది. చదువు క్రియ అయితే చదివి అవుతుంది. అదే చదువు నామం అయితే? “చదువుకి డబ్బు కావాలి” అంటాం. కోస్తా మాటలో ఉకారాంతాల మీద కూడా కు బదులు కి బాగా వాడుకలో ఉంది. చెట్టుకి, ఊళ్లో రాజుకి, చదువుకి. కిలో ఇ ఉంది. ఎదురుగా చదువులో ఉ ఉంది. అయినా ఎవరూ చదివికి అనరు. అడుగు తీసి అడుగు వేసేటప్పుడు “ప్రతి అడుగుకీ” అంటాం గాని “ప్రతి అడిగికీ” అనం. అవే అక్షరాలు, అదే ఇ, నోరు కూడా ఒకటే. క్రియలో లొంగిన ఉ నామంలో లొంగలేదు.

కి ముందు క అనే హల్లు అడ్డుగా ఉంది కాబట్టి లాగలేకపోయిందని అనుకోవచ్చు. అది నిలవదు. లు ముందు ల అడ్డుగా ఉన్నా పులి పులులు అయింది కదా. అసలు కారణం కాలక్రమంలో ఉండొచ్చు. ఉకారం తర్వాత వచ్చే కి కొత్తది. పాత పద్ధతిలో అక్కడ కు ఉండేది, అది ఎవరినీ మార్చాల్సిన పనిలేదు. కి అక్కడికి చేరేసరికి పాత నియమం తలుపు మూసుకుని ఉంటుంది. ఇది ఊహ మాత్రమే. కానీ పరీక్షించగలిగే ఊహ. అప్పటికి ఆ అమ్మాయి థీసిస్ ప్రశ్న ఒక్క వాక్యానికి వచ్చింది. తెలుగు అచ్చుల పొందిక ఇవాళ మన నోట్లో పనిచేస్తున్న నియమమా, ఎప్పుడో పనిచేసి రూపాల్లో మిగిలిన జ్ఞాపకమా?

పరీక్ష ఎలా? అడుగు, చదువు వంటి తెలిసిన క్రియలు ఎన్నిసార్లు రికార్డు చేసినా ఉపయోగం లేదు. చదివాడు అనే రూపాన్ని మనం చిన్నప్పుడే మొత్తంగా విని గుర్తుపెట్టుకున్నామేమో! కొత్త క్రియలు కావాలి. తెలుగులోకి కొత్త క్రియలు రోజూ వస్తూనే ఉన్నాయి, కానీ అన్నీ ‘చేయు’ చేయి పట్టుకుని వస్తున్నాయి. డౌన్‌లోడ్ చేశాడు, ఫార్వర్డ్ చేస్తాడు, బ్లాక్ చేయలేదు. మారేదల్లా చేయు ఒక్కటే. అడుగు, పెరుగు, తిరుగు కుటుంబంలోకి కొత్త కోడలు అడుగు పెట్టడం లేదు. అందుకని లేని క్రియలు కల్పించాలి.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు పిల్లలకు ఒక వింత పక్షి బొమ్మ చూపించి, దాని పేరు ‘వగ్’ అని చెప్పి, ఇలాంటివి రెండుంటే ఏమంటారని అడిగింది. ఎన్నడూ వినని మాటకు పిల్లలు బహువచనం చెప్పగలిగితే వాళ్ల బుర్రలో ఉన్నది మాటల జాబితా కాదు, నియమం. మన అమ్మాయి ‘దముగు’ అనే క్రియ కల్పించింది. ఒక మనిషి మోచేత్తో పిండిని వింతగా నొక్కుతున్న బొమ్మ చూపించి ఇలా చెప్పాలని ఆమె ప్రణాళిక. “ఈయన రోజూ పిండి దముగుతాడు. నిన్న కూడా అదే పని చేశాడు. నిన్న ఈయన ఏం చేశాడు?” ఎదుటివాళ్లు దమిగాడు అంటే ఒక అర్థం, దముగాడు అంటే ఇంకో అర్థం. ఆ తర్వాత, “రేపు సెలవు, పిండి ముట్టుకోడు. రేపు ఈయన ఏం చేయడు?” దమగడు అంటారా, దముగడు అంటారా?

పని చిన్నదిగా కనిపిస్తుంది. చేయబోతే ఎక్కడెక్కడ జారుతామో ఆమెకు మొదటి వారంలోనే తెలిసింది. తొలి ప్రయత్నంలో ప్రశ్నలు అట్టముక్కల మీద రాసి చూపించింది. అందరూ చదివి చెప్పారు. చదివేటప్పుడు మనం మాట్లాడం, అక్షరాలను పలుకుతాం. పుస్తకాల్లో అడుగవలెను, పెరుగదు అని చదివి పెరిగిన పెద్దవాళ్లు కొత్త మాటకూ అదే వరస పట్టి దముగడు అన్నారు. పాత గ్రాంథికంలో ఆ చోట ఉ నిలిచే ఉండేది. అడగాలి, పెరగదు అనే అకారం వాడుకభాషది. అంటే అట్టముక్క ఆ పెద్దవాళ్ల నోటిని కాదు, బడిని పరీక్షించింది. ఆ రికార్డింగులన్నీ పక్కన పడేసింది. రెండోసారి అంతా నోటితోనే అడిగింది, బొమ్మలు తప్ప అక్షరం ముక్క చూపించలేదు.

రెండో జారుడుమెట్టు ప్రాస. కల్పించిన క్రియ ‘కడుగు’ను పోలి ఉందనుకోండి, ఎదుటివాళ్లు కడిగాడును గుర్తుచేసుకుని దాని అచ్చున చెప్పేస్తారు. అది నియమం కాదు, పోలిక. అందుకని రెండు జట్ల మాటలు కావాలి. ఒక జట్టు తెలిసిన క్రియలకు బాగా దగ్గరగా, ఇంకో జట్టు దేనికీ పోలిక లేకుండా. దగ్గరి మాటల్లోనే నడుమ అచ్చు మారి, దూరపు మాటల్లో మారకపోతే మనలో ఉన్నది జ్ఞాపకం. రెండింటిలోనూ మారితే నియమం బతికే ఉంది. ఏ ఫలితం వస్తే తన ఊహ ఓడిపోతుందో ఆమె ఉత్తరంలో ముందే రాసి పెట్టింది. ఆ పేరా చదివినప్పుడు ఇక సినాప్సిస్ రాయొచ్చని చెప్పాను.

మూడోది చెవి. విన్నది రాసుకునేటప్పుడు మన చెవి మనల్ని మోసం చేస్తుంది, ఎందుకంటే మనసులో స్పెల్లింగ్ ఉంటుంది. అందుకే శబ్దాన్ని కొలవాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లో పౌల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ తయారుచేసిన ప్రాట్ అనే ఉచిత ప్రోగ్రాం దీనికి ప్రపంచమంతా వాడుతున్నారు. అచ్చు పలికేటప్పుడు నోటిలోని గాలి కొన్ని పౌనఃపున్యాల దగ్గర గట్టిగా మోగుతుంది. వాటిలో కిందినుంచి రెండోది మనకు ముఖ్యం. నాలుక ముందుకు వచ్చిన ఇలో అది ఎక్కువ, పెద్ద మగవాళ్ల గొంతులో దాదాపు 2200 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. నాలుక వెనక్కి పోయి పెదవులు గుండ్రమైన ఉలో 900కు అటూ ఇటూ. ఇంత దూరం ఉంది కాబట్టి, నడుమ అచ్చు ఇ అయిందా, ఉగానే ఉందా, రెండింటి మధ్యలో ఎక్కడైనా ఆగిందా అన్నది తెర మీద కనిపిస్తుంది.

మధ్యలో ఆగడం అనేదే అసలు విశేషం. ఏ భాషలోనైనా గబగబా మాట్లాడేటప్పుడు పక్క అచ్చు వాసన కొంచెం అంటుకుంటుంది. నాలుక ముందే తయారవుతుంది కాబట్టి అది సహజం. దాన్ని పొందిక అనకూడదు. పొందిక అంటే ఉ పూర్తిగా ఇ కావడం, నింపాదిగా మాట్లాడినా ఇగానే ఉండటం. ఒకే మనిషి చేత ‘చదువుకు’, ‘చదువుకి’ రెండూ అనిపించి, వు అక్షరంలోని అచ్చును రెండింటిలోనూ కొలవాలని ఆమె ఆలోచన. కి ముందున్న ఉ కొద్దిగా పైకి జరిగితే వాసన మాత్రమే అంటుకుంది. జరుగుడు నానాటికీ పెరిగి, కుర్రవాళ్లలో ఎక్కువగానూ పెద్దవాళ్లలో తక్కువగానూ కనిపిస్తే, ఒక నియమం పుడుతుండగా చూస్తున్నామన్నమాట. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. త, ద వంటి దంత్యాల పక్కన ఉ పలికినా ఈ సంఖ్య పైకి పోతుంది. కాబట్టి చదువులోని దు కొలతను అడుగులోని డు కొలతతో పోల్చకూడదు. చుట్టూ ఉన్న హల్లులు ఒకటే అయినప్పుడే పోలిక చెల్లుతుంది. ఇది మరచిపోయి కట్టిన లెక్కలు ఎంత అందంగా గ్రాఫులు గీసినా పనికిరావు.

థీసిస్‌కు ఆమె చివరికి పెట్టుకున్న హద్దులు చెబుతాను. మూడు ప్రాంతాలు, కరీంనగర్, గుంటూరు, అనంతపురం వైపు. ప్రాంతానికి 12 మంది, అందులో సగం 30 ఏళ్ల లోపువాళ్లు, సగం 60 దాటినవాళ్లు. వెరసి 36 గొంతులు. మూడక్షరాల క్రియలు మాత్రమే. నామాలు పోలిక కోసం తప్ప వద్దు. ప్రాంతాలు ఎందుకంటే, అడిగిండు అనే చోట, అడిగినాడు అనే చోట ఇ ఇంకా కళ్లెదుట ఉంది. అడిగాడు అనే చోట అది వెళ్లిపోయింది. కళ్లెదుట కారణం ఉన్నవాళ్లు దమిగిండు, దమిగినాడు అని తడుముకోకుండా చెప్పి, కారణం కనిపించని కోస్తావాళ్లు దముగాడు అని తడబడితే, నియమం పక్క అచ్చు మీద ఆధారపడిందని తేలుతుంది. ముగ్గురూ ఒకే తీరుగా చెబితే, నడుమ ఇ అనేది ఇక శబ్దం పని కాదు, భూతకాలపు గుర్తు అని తేలుతుంది.

ఈ వర్గంలోనే సగం లొంగిన మాటలు కొన్ని ఉన్నాయి, వాటికి ఆమె ఒక అధ్యాయం కేటాయించింది. తొలగు అనే క్రియ తీసుకోండి. నడుమ అచ్చు అ. పత్రికల్లో “అడ్డంకి తొలగింది” అని వస్తుంది. మాటల్లో “తొలిగిపోయింది” అనీ వినిపిస్తుంది. అదే పొగడు అయితే పొగిడాడు, పొగుడుతాడు అని అందరమూ అనేస్తున్నాం. తొలగును అడుగు కుటుంబం మెల్లగా తనలో కలుపుకుంటోందేమో. నియమం చచ్చిపోయి ఉంటే కొత్తవాళ్లను ఎలా కలుపుకుంటుంది? బతికి ఉంటే చదువుకిలో ఎందుకు మాట్లాడకుండా కూర్చుంది? ఈ రెండు ప్రశ్నలూ ఒకే థీసిస్‌లో ఎదురెదురుగా నిలబడ్డాయి. అలా నిలబడిన రోజున అది పరిశోధనాంశం అయింది.

మొదటి ఉత్తరానికీ నాలుగో ఉత్తరానికీ మధ్య ఏడు నెలలు గడిచాయి. మొదటిదానిలో ఉన్నవన్నీ నియమానికి లొంగిన మాటలే. నాలుగోదానిలో అతిథులు, అడిగాడు, చదువుకి, తొలగింది, అన్నీ నియమానికి ఏదో ఒక చోట ఎదురుతిరిగినవి. నాలుగో ఉత్తరం చివర ఆమె ఇలా రాసింది.

“మేడమ్, మొన్న ఇంటికి పోయినప్పుడు మా నాయనమ్మకు దముగుడు బొమ్మ చూపించిన. ఆమెకు చదువు రాదు. నిన్న ఏం చేసిండు అని అడిగితే కాసేపు బొమ్మనే చూసి, ‘గిదేం పని బిడ్డా, పిండిని గట్ల దమిగిండు’ అన్నది. ఆమె ఒక్క మాటతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. ఆమెను 36 మందిలో కలపను. చొప్పదండి వైపు రికార్డింగులు మాత్రం వచ్చే సోమవారం మొదలుపెడతాను.”

ఆ ఉత్తరం కింద సంతకం చేసి, తారీఖు వేసి, ఫైల్లో పెట్టాను.